ఎనిమిది మార్కుల కాలువ

ప్రశ్నపత్రం తయారుచేస్తున్న లెక్కల సారును గుర్తుపట్టడం తేలిక. ఆ వారమంతా ఆయన ఎవరింటికీ పోడు, ఎవరైనా వస్తే చేతిలో కాగితం బోర్లా పెట్టేస్తాడు. వచ్చింది పాలవాడైనా అంతే. ఫోనెత్తి హలో అనకముందే ‘నాకేం తెలీదు’ అంటాడు. వీధిలో పిల్లల తల్లులు ఎదురై ‘సార్, ఈసారి చుట్టుకొలతలు వస్తాయా?’ అని అడిగితే, ఆ మాట ఎవరినో అన్నట్టు వెనక్కి తిరిగి చూస్తాడు. పేపరంటే రహస్యం. మా బావ ఆ రహస్యాన్ని ఎంత జాగ్రత్తగా దాస్తాడంటే, ఒకసారి బియ్యం డబ్బాలో దాచి రెండు రోజులు తనే వెతుక్కున్నాడు.

బావ కర్నూల్లో లెక్కల సారు. ఆయన పనిచేసే ప్రైవేటు స్కూలుకు నంద్యాల, ప్రొద్దుటూరు, కడపల్లో కూడా శాఖలున్నాయి. అన్ని శాఖలకూ తొమ్మిదో తరగతి ఆఖరి పరీక్ష పేపరు ఒకటే. అది ఏటా బావ మెడకే చుట్టుకుంటుంది. ఈయనకు పేపరు సెట్ చేయడం బాగా వచ్చని ఎప్పుడో ఎవరో కనిపెట్టారు. మన దగ్గర ఒక పని వచ్చని నలుగురికీ తెలిస్తే ఆ పని ఇక మన ఆస్తి. అమ్మలేం, ఎవరికీ రాసివ్వలేం. దీనికి అదనంగా ఇచ్చేదేమైనా ఉందా అని అడిగితే, ‘ఉంది, గడువు’ అంటాడు బావ.

పేపరంటే పుస్తకం తెరిచి ముప్పైమూడు లెక్కలు ఎక్కించడమని బయటివాళ్ళు అనుకుంటారు. అది కాదు. ముందు బ్లూప్రింట్ అని ఒక పట్టిక గీయాలి. పదో తరగతి పబ్లిక్ పరీక్ష నమూనాలో ఒక మార్కువి పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది, నాలుగు మార్కులవి ఎనిమిది, ఎనిమిది మార్కులవి ఐదు. మొత్తం వంద. ఆ వందను మళ్ళీ విద్యాప్రమాణాల వారీగా పంచాలి. సమస్యా సాధనకు నలభై, కారణాలు చెప్పి నిరూపించడానికి ఇరవై, వ్యక్తపరచడానికి పది, అనుసంధానానికి పదిహేను, ప్రాతినిధ్యానికి పదిహేను. ఆపైన ఏ పాఠానికెంత, సులువెంత, కష్టమెంత. పట్టికలో అడ్డంగా కూడినా నిలువుగా కూడినా వందే రావాలి. మంచి ప్రశ్న ఒకటి తడుతుంది, దానికి గడి ఉండదు. గడి ఖాళీగా నోరు తెరుచుకుని ఉంటుంది, దానికి తగిన ప్రశ్న తట్టదు.

ఆ రాత్రి పదకొండు దాటాక అలాంటి గడి ఒకటి మిగిలింది. ‘అనుసంధానం, ఘనపరిమాణం, 8 మార్కులు, కష్టం.’ అంటే పుస్తకంలో లెక్కను బయటి బతుకుతో ముడిపెట్టాలి. మార్చి నెల, కర్నూలు. మిద్దె పగలంతా తాగిన ఎండను అప్పుడే కక్కుతోంది. బావ బనియన్‌తో చాప మీద కూర్చుని, తను పదో తరగతి పరీక్ష రాసిన అట్టనే ఒళ్ళో పెట్టుకున్నాడు. క్లిప్పు తుప్పుపట్టింది, మూలన కాంపాస్ ముల్లుతో చెక్కుకున్న హాల్ టికెట్ నంబరు ఇంకా కనబడుతుంది. పక్కన బొరుగుల గిన్నె. కళ్ళు మూతలు పడుతున్నాయి, పెన్ను మాత్రం చేతిలోంచి జారలేదు. ఉద్యోగం మరిగిన పెన్ను అది.

“దొరికింది” అన్నాడు ఉన్నట్టుండి.

దొరికింది కొత్తదేమీ కాదు. ఎన్‌సీఈఆర్‌టీ పాత పదో తరగతి పుస్తకంలో చాలా ఏళ్ళున్న లెక్క. ఇప్పుడు పుస్తకంలోంచి తీసేసినా గైడుల్లో చావలేదు. 6 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతున్న కాలువలో నీళ్ళు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. పొలంలో 8 సెంటీమీటర్ల నీళ్ళు నిలవాలి. అర్ధగంటలో ఎంత నేల తడుస్తుంది? వెడల్పును లోతుతో హెచ్చవేస్తే 9 చదరపు మీటర్లు. అర్ధగంటలో నీళ్ళు 5 కిలోమీటర్లు పోతాయి, అంటే 5000 మీటర్లు. తొమ్మిది ఐదులు నలభై ఐదు, 45,000 ఘనపు మీటర్ల నీళ్ళు. దాన్ని 0.08తో భాగిస్తే 5,62,500 చదరపు మీటర్లు. పుస్తకం దీన్ని హెక్టార్లలో చెప్పి ఊరుకుంటుంది. హెక్టారు అనే మాట మా వైపు వ్యవసాయాఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా వినబడదు కాబట్టి బావ ఎకరాల్లోకి మార్చాడు. ఎకరాకు 4047 చదరపు మీటర్ల లెక్కన దాదాపు 139 ఎకరాలు.

అంతటితో ఆపి పండుకుని ఉంటే ఈ కథ లేదు. అనుసంధానం అన్నారు కదా అని బావ ‘ఒక కాలువ’ను కొట్టేసి ‘కె.సి. కెనాల్‌లోని ఒక పిల్ల కాలువ’ అని రాశాడు. అక్కడితోనూ ఆగలేదు. 1863, 1870 మధ్య మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిందనీ, నీళ్ళు పారడానికే కాక పడవలు నడవడానికి కూడా తవ్వారనీ, కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వమే కొనేసిందనీ ఐదు వరుసలు రాశాడు. రాసింది చదువుకుని, ‘ఇది సోషల్ సారు మార్కు’ అని కొట్టేశాడు. పిల్లలకు లెక్కలో అక్కర్లేని అంకె కనబడితే దాన్ని దేనితోనో ఒకదానితో హెచ్చవేయకుండా వదలరని ఆయన అనుభవం. 1882ను 6తో హెచ్చవేసి ఎకరాలని రాసే మహానుభావులు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు.

కానీ కె.సి. కెనాల్ పేరు ఒకసారి కాగితం మీద పడ్డాక బావలోని లెక్కల సారు పక్కకు జరిగి కడప జిల్లా రైతుబిడ్డ ముందుకొచ్చాడు. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. కాలువ కర్నూలుకు ఎగువన తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పోతుంది, దగ్గర దగ్గర 306 కిలోమీటర్లు. మాది మొదటి కొస. బావ వాళ్ళది ఆఖరి కొస. మా అక్కను ఆయనకిచ్చి చేయడమంటే కాలువ రెండు కొసలూ తెచ్చి ఒకే వంటింట్లో ముడేయడమే. నీళ్ళొదిలారన్న వార్త పేపర్లో పడిన రోజు ఆ ఇంట్లో కూర ఎవరికి ముందు వడ్డిస్తారన్నది కూడా గొడవే. ‘మీకు ఎట్లాగూ ముందే అందుతాది కదా’ అని బావ దెప్పుతాడు.

“పది కిలోమీటర్లా?” అన్నాడు బావ తనలో తనే. “పది కిలోమీటర్లేంది?”

వేళ్ళ మీద లెక్కపెట్టాడు. గంటకు పది చొప్పున 306 కిలోమీటర్లంటే ముప్పై గంటల చిల్లర. సుంకేసులలో పొద్దున ఆరుకు గేటెత్తితే మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకు నీళ్ళు కడపలో ఉండాలి. “మా నాయన గట్టు మీద కూర్చోని రోజులు లెక్కబెట్టినాడు, గంటలు కాదు” అన్నాడు నా వైపు తిరిగి. నేను తలాడించాను. లెక్కల సారు నిద్రలేమితో మాట్లాడుతున్నప్పుడు తలాడించడమే క్షేమం.

నిజానికి ఆ అనుమానం తిక్కలది కాదు. గంటకు పది కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 2.8 మీటర్లు. మట్టి కాలువలో నీళ్ళ వేగం సెకనుకు మీటరు దాటడం మొదలుపెడితే అడుగూ గట్లూ కోసుకుపోతాయి. అందుకే తవ్వేటప్పుడే వాలు తక్కువ పెడతారు. పైగా పడవలు నడవాలని తవ్విన కాలువ. ఆ ఉరవడికి ఎదురుగా పడవ లాగమంటే లాగేవాడు తాడొదిలి ఇంటికి పోతాడు. ఇంకో తమాషా ఏమంటే, అదే ఎన్‌సీఈఆర్‌టీ వారి పాత తొమ్మిదో తరగతి పుస్తకంలో నది లెక్క ఒకటుంది. 40 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు, సముద్రంలో కలవబోతున్న నది. అది మాత్రం గంటకు 2 కిలోమీటర్లే నడుస్తుంది. అంటే తొమ్మిదో తరగతిలో నది నడిస్తే, పదో తరగతికొచ్చేసరికి పిల్ల కాలువ పరిగెత్తుతోంది. ప్రమోషన్ అంటే అదేనేమో.

బావ 10 కొట్టేసి 2 పెట్టాడు. మళ్ళీ కట్టాడు. అర్ధగంటకు ఒక కిలోమీటరు, 9000 ఘనపు మీటర్ల నీళ్ళు, 1,12,500 చదరపు మీటర్లు, 27.8 ఎకరాలు. ‘దగ్గరి పూర్ణాంకానికి సవరించండి’ అని చేర్చాడు. 28. అంకె చూడముచ్చటగా ఉంది. పక్కన టిక్కు కూడా పెట్టాడు.

అప్పుడు అక్క లేచొచ్చింది.

“ఏంది, ఇంకా పండుకోలా? ఒంటిగంట అయితాంది.”

“ఒక ప్రశ్న తెగడం లేదు.”

“సదువు సూద్దాం.”

పేపరు రహస్యం కదా అని బావ ఒక క్షణం తటపటాయించి, తలుపు వేసి ఉందో లేదో చూసి, గుసగుసగా చదివాడు. అక్క ఐదో తరగతి దాకా చదివింది, ఆ తర్వాత పొలం చదివింది. విని, “అర్ధగంటలో ఇరవై ఎనిమిది ఎకరాలా?” అంది. “మరి మా నాయన మూడెకరాలకు రాత్రంతా మడవ కాడ ఎందుకు పండుకున్యాడు?”

బావ పెన్ను ఆగిపోయింది. అక్కకు తెలియకుండానే లెక్కలో అసలు కిటుకు పట్టుకుంది. లెక్కలో కాలువ నీళ్ళన్నీ ఒకేసారి పొలం మీద పడిపోతాయి. బయట పొలానికి నీళ్ళొచ్చేది తూములోంచి. ఒక క్యూసెక్కు తూమంటే సెకనుకు 28 లీటర్ల చిల్లర. ఒక ఎకరాలో 8 సెంటీమీటర్లు నిలవాలంటే సుమారు 324 ఘనపు మీటర్ల నీళ్ళు కావాలి, అంటే 3,24,000 లీటర్లు. కట్టి చూస్తే ఎకరాకు మూడు గంటల పైమాటే. మూడెకరాలకు తొమ్మిదిన్నర గంటలు. మా నాయన పొద్దుగూకినాక పలుగూ పారా భుజానేసుకుని పోయి కోడి కూసినాక రావడం నాకు తెలుసు. దానికి ఇంత శాస్త్రం ఉందని ఆ రాత్రే తెలిసింది.

“అది తూము లెక్క. ఇది కాలువ లెక్క” అన్నాడు బావ బింకంగా.

“పిల్లోల్లకు తూము తెలుసు. కాలువంతా ఒకని చేన్లోకి మళ్ళించేది యాడన్నా ఉందా? ఉంటే మీ ఊర్లోనే ఉండాల.”

“మా ఊర్లోనా? మా ఊరికి మళ్ళించేదానికి నీళ్ళొస్తే గదా!”

గొడవ కొసలకు చేరింది. నేను బొరుగుల గిన్నె దగ్గరికి లాక్కున్నాను. బావ మనసు మార్చుకుని, సరే, సులువు చేద్దాం, ఎకరా అంటే 4000 చదరపు మీటర్లు అనుకోండి అని రాద్దామన్నాడు. పిల్లలకు భాగహారం తేలికవుతుంది. అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఎకరాకు నలభై ఏడు మీటర్లు ఎవురికి పోతాయి? గట్టు జానెడు జరిపితేనే తలకాయలు పగులుతాయి మావైపు. నువ్వు పెన్నుతో ఎకరాకు అంత నరుకుతాండావే!” బావ 4047ను యథాస్థానంలో పునఃప్రతిష్ఠించాడు. సర్వేయర్లకు కూడా ఇంత భయపడే మనిషి కాదు.

తర్వాత అనుమానాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 8 సెంటీమీటర్ల నీళ్ళు నిలబెట్టేది వరికే. బుడ్డల చేన్లో అంత నీళ్ళు నిలిస్తే కాయలు కుళ్ళుతాయి. ‘వరి పొలం’ అని చేర్చాడు. నీళ్ళు దారిలో ఇంకుతాయి, ఈ ఎండకు ఆవిరవుతాయి. ‘నీరు ఇంకదు, ఆవిరి కాదు అనుకోండి’ అని చేర్చాడు. ఆ వాక్యం చదువుకుని తనే నవ్వాడు. రాయలసీమ పిల్లలను నీరు ఇంకదు అనుకోమనడం కంటే సమాంతర రేఖలు కలుస్తాయి అనుకోమనడం తేలిక. టైపు చేసే కుర్రవాడి భయం సరేసరి. కిందటేడు 8 సెం.మీ. అన్న చోట ‘సెం’ ఎగిరిపోయి 8 మీటర్లయింది. ఆ లెక్క ప్రకారం వరి పైరు కొబ్బరిచెట్టు లోతు నీళ్ళలో మునిగింది. పిల్లలు మాత్రం నిశ్చింతగా భాగించి జవాబు రాసేశారు, ఒక్కడు కూడా ‘సార్, పైరు చచ్చిపోతుంది’ అనలేదు. దాంతో ఈసారి బావ ‘సెం’ చుట్టూ ఎర్ర పెన్నుతో కోట కట్టాడు.

అయినా బావను నిద్రపోనివ్వంది ఇవేవీ కావు. అసలుది మూల్యాంకన పట్టిక దగ్గర బయటపడింది. మెట్టు మెట్టుకూ మార్కులు వేయాలి కదా. అడ్డుకోత వైశాల్యానికి 1, అర్ధగంటలో నీళ్ళు పోయే దూరానికి 2, ఘనపరిమాణానికి 2, లోతుతో భాగించినందుకు 2, ఎకరాల్లోకి మార్చి ప్రమాణం రాసినందుకు 1. ఎనిమిది. రాసి, పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

“కడపలో ఉండంగ ఒకడు ఇట్లాంటి లెక్కకు ‘మా కాలువకు నీళ్ళు రావు కాబట్టి 0 ఎకరాలు’ అని రాసినాడు” అన్నాడు.

“ఎన్నేసినావు?” అంది అక్క.

“వాడు రాసిందే వేసినా.”

కాసేపు ఫ్యాను చప్పుడొకటే. బావ తనతో తనే వాదించుకోసాగాడు. లెక్కలో నీళ్ళు ప్రవహిస్తున్నాయని ఇచ్చాం. ఇచ్చినదాన్ని కాదన్నవాడికి మార్కుల్లేవు. అది న్యాయం. కానీ వాడు కారణం చెప్పాడు. బ్లూప్రింట్‌లో కారణాలు చెప్పడానికి ఇరవై మార్కులున్నాయి. బయటి బతుకుతో అనుసంధానం కూడా చేశాడు. మిగతా క్లాసంతా గైడులోది దించితే, పొలం చూసి జవాబు రాసింది వాడొక్కడే. అలాగని మార్కులిస్తే మర్నాటి నుంచి ప్రతివాడూ ప్రతి లెక్కకూ కరువు రాస్తాడు. రైలు లెక్కకు రైలు ఆలస్యం అంటాడు, వడ్డీ లెక్కకు బ్యాంకువాడు అప్పివ్వలేదంటాడు.

“కె.సి. కెనాల్ పేరు తీసెయ్యి. ఉత్త కాలువ అని పెట్టు” అన్నాను నేను, ఎలాగోలా దీపం ఆర్పిద్దామని.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. కానీ తీసేశాడు. చివరికి రెండు గంటలప్పుడు తేలిన ప్రశ్న ఇది: ఒక కాలువ వెడల్పు 6 మీ., లోతు 1.5 మీ. నీరు గంటకు 2 కి.మీ. వేగంతో ప్రవహిస్తోంది. ఆ నీరంతా వరి పొలాలకు మళ్ళించి 8 సెం.మీ. ఎత్తు నిలిపితే అర్ధగంటలో ఎన్ని ఎకరాలు తడుస్తాయి? ఎకరా 4047 చ.మీ. నీరు ఇంకదు, ఆవిరి కాదు అనుకోండి. జవాబును దగ్గరి పూర్ణాంకానికి సవరించండి. బావ దాన్ని తెలివైన పిల్లవాడిలా ఒకసారి, మొద్దబ్బాయిలా ఒకసారి కట్టి చూశాడు. రెండోసారి కావాలనే కిలోమీటర్లను మీటర్లు చేయడం మరిచిపోయాడు, జవాబులో తడిసింది ఒక ఇంటి పాటి నేల. తప్పు ఎక్కడ బయటపడాలో అక్కడే బయటపడిందని సంతోషించి, అట్ట తలకింద పెట్టుకుని అక్కడే ఒరిగాడు. పొద్దున తొమ్మిదికి పేపరూ, కీ రెండూ కవర్లో పెట్టి ఇచ్చొచ్చాడు.

పేపరు నేరుగా అచ్చుకు పోదు. మధ్యలో ఒక అకడమిక్ ఇన్‌చార్జి ఉంటాడు. ఆయన పని తప్పులు పట్టడం. బావ పేపర్లో తప్పులు దొరకడం కష్టం కాబట్టి ఆయన చాలా సేపు వెతికి, గైడు తెరిచి, కాలువ దగ్గర ఆగాడు. గైడులో 10 ఉంది, ఇక్కడ 2 ఉంది. అచ్చుతప్పు అనుకుని ప్రశ్నపత్రంలో 10గా దిద్దేశాడు. కీ వేరే కవర్లో ఉంది, దాని జోలికి పోలేదు.

పరీక్ష అయిన మర్నాడు కర్నూలు నుంచి కడప దాకా అన్ని శాఖల లెక్కల సార్లూ ఫోన్లు. పిల్లలకు 139 వస్తోంది, కీలో 28 ఉంది. ఏది దిద్దాలి? కొందరు కీ ప్రకారం మంచి పిల్లలందరికీ మార్కులు కోసేశారు. ఒకాయన 139కి సగం, 28కి సగం ఇద్దామని రాజీ ప్రతిపాదించాడు. 28 రాసినవాడు ఒక్కడూ లేడు కాబట్టి ఆ రాజీ ఎవరికీ ఉపయోగపడలేదు. చివరికి ఇలాంటి చోట్ల ఎప్పుడూ తీసుకునే నిర్ణయమే తీసుకున్నారు. ప్రశ్న నంబరు వేసి ఏదో ఒకటి రాసిన ప్రతివాడికీ ఎనిమిది మార్కులూ కలపండి.

బావ ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి చెప్పులిడుస్తుంటే అక్క వంటింట్లోంచే అంది: “పోన్లే, ఇన్నేండ్లకు మీకూ మాకూ సమానంగా పారింది.”

బావ ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని కంచం ముందు కూర్చున్నాక అడిగాడు, నన్నో అక్కనో తెలియలేదు: “సున్నా ఎకరాలని రాసినోనికి గూడా ఎనిమిదేనా?”

“నంబరు యేసినాడా ల్యాదా?”

“యేసే ఉంటాడు.”

“అయితే తిను” అంది అక్క, మొదటి సంగటి ముద్ద ఆయన కంచంలోనే పెడుతూ.